కథలో లాయరును నమ్మించడం ఎలా: రాయగడ కోర్టులో ఒక గంజాయి కేసు ఆధారంగా

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు కుటుంబాల గురించి కథ రాస్తే ఎక్కడో ఒకచోట కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది. భూమి తగాదా కావచ్చు, అడవి కేసు కావచ్చు, గంజాయి కేసు కావచ్చు. అక్కడ లాయరు పాత్ర వస్తుంది, అక్కడే చాలా కథలు తేలిపోతాయి. కొందరు సినిమా కోర్టును దింపేస్తారు. లాయరు బల్ల గుద్ది అరుస్తాడు, జడ్జి సుత్తితో కొడతాడు, సాయంత్రానికి తీర్పు వస్తుంది. మరికొందరు కష్టపడి చట్టం చదివి, చదివిందంతా సంభాషణల్లో కుక్కుతారు. మొదటి రకం కథను లాయరు నమ్మడు, రెండో రకం కథను మిగతా పాఠకులు చదవరు.

ఈ రెంటికీ మధ్య దారి ఎలా పట్టుకోవాలో ఒకే కేసు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. పాత్రలన్నీ కల్పితం, చట్టం మాత్రం అసలుది. గుణుపురం దగ్గర ఊళ్లో జీపు నడిపే అప్పన్న అనే కుర్రాడు. కిరాయికి ఎక్కించుకున్న రెండు గోనె బస్తాల్లో గంజాయి దొరికింది. ఎక్కించినవాళ్లు చెక్‌పోస్టుకు ముందే దిగిపోయారు, డ్రైవరు మిగిలాడు. తల్లి పైడితల్లమ్మ రాయగడలో సూర్యనారాయణ అనే తెలుగు లాయరు దగ్గరికి వచ్చింది. ఆయన దగ్గర దండాసి అనే గుమాస్తా ఉన్నాడు. కథకు ఈ నలుగురు చాలు.

ముందు ఒక్క చట్టపు ముడి వెతకండి

కేసులో వంద చట్టపు విషయాలు ఉంటాయి. కథకు ఒక్కటి కావాలి. దాని ఫలితం ఏమిటో చదువు రాని మనిషికి కూడా ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, ఆ ఫలితం పాత్ర బతుకును అటో ఇటో తిప్పేయాలి. ఈ రెండూ లేని ముడి ఎంత తెలివైనదైనా పక్కన పెట్టండి.

గంజాయి కేసులో అలాంటి ముడి బరువు. ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. దాని ప్రకారం గంజాయి కిలో వరకు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. ఈ రెంటి మధ్యలో ఉంటే శిక్ష పదేళ్ల దాకా పడొచ్చు, అంటే తక్కువా పడొచ్చు. వాణిజ్య మొత్తమైతే పదేళ్లకు తగ్గడానికే లేదు, ఇరవై దాకా వెళ్లొచ్చు. బెయిల్ కూడా దాదాపు తలుపు మూసుకుపోయినట్టే. ముద్దాయి తప్పు చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉందని, బయటికి వస్తే మళ్లీ నేరం చేయడని జడ్జికి నమ్మకం కలిగితే తప్ప ఇవ్వకూడదని 37వ సెక్షన్ చెబుతుంది.

ఇప్పుడు అప్పన్న జీపులో దొరికిన రెండు బస్తాలు చూడండి. పోలీసులు బస్తాలతో సహా తూచారు. ఒకటి 10 కిలోల 500 గ్రాములు, ఇంకొకటి 10 కిలోల 300. మొత్తం 20 కిలోల 800. బియ్యం వచ్చే గోనె సంచి ఖాళీగా తూచితే ఒక్కోటి అర కిలో పైనే ఉంటుంది. రెండు సంచుల బరువు తీసేస్తే సరుకు 20 కిలోల కిందికి వస్తుంది. కుర్రాడికి కనీసం పదేళ్లా, లేక తొందరగా ఇంటికి వచ్చే ఆశ ఉందా అన్నది రెండు ఖాళీ సంచుల బరువు మీద నిలబడింది. ఇది ఏ పాఠకుడికైనా అర్థమవుతుంది, లాయరు పాఠకుడు కూడా తల ఊపుతాడు.

ముడి దొరికాక దాన్ని అన్ని వైపుల నుంచీ తట్టి చూడండి. ఇక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న: సుప్రీంకోర్టు 2020లో మత్తుమందులో వేరే పదార్థం కలిసి ఉంటే మొత్తం బరువునే లెక్కించాలని చెప్పింది కదా, మరి సంచి బరువు ఎలా తీసేస్తారు? ఆ తీర్పు కలిసిపోయిన పదార్థం గురించి, సంచి కలిసిపోయేది కాదు. కాబట్టి మన ముడి నిలబడుతుంది. రెండో ప్రశ్న: సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు ఉందని అప్పన్నకు చెప్పలేదు కదా, దాని మీద కేసు కొట్టేయించవచ్చు కదా? చాలా కథల్లో లాయరు ఇదే అస్త్రం వేస్తాడు. కానీ 50వ సెక్షన్‌లోని ఆ హక్కు ఒంటి మీద చేసే సోదాకే. జీపు వెనక పడి ఉన్న బస్తాకు వర్తించదు. మీ లాయరు ఇది తెలియకుండా గెలిస్తే ఆ జిల్లాలో ఏ వకీలూ మీ కథ పూర్తి చేయడు.

ఈ తట్టి చూడటంలో తెలుసుకున్నది కథలోకి రానవసరం లేదు. 2020 తీర్పు ప్రస్తావన నా కథలో ఉండదు. అది తెలిసి ఉండటం వల్ల లాయరు నోట తప్పు మాట రాదు, అంతే.

లాయరు దేని గురించి ఆలోచిస్తాడో, మిగతావాళ్లు దేని గురించి ఆలోచిస్తారో వేరు చేయండి

నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు ఇదే, అందుకే దీని మీద ఎక్కువ సేపు ఉంటాను.

పైడితల్లమ్మకు కావాల్సింది ఒక్కటే. తన కొడుక్కి బస్తాల్లో ఏముందో తెలీదు, ఆ మాట జడ్జి వినాలి. పాఠకుడికి కూడా అదే కావాలి. కానీ సూర్యనారాయణకు ఆ మాటతో ఈ రోజుకు పని జరగదని తెలుసు. మామూలు కేసుల్లో నేరం నిరూపించే భారం ప్రాసిక్యూషన్‌ది. ఈ చట్టంలో సరుకు ముద్దాయి దగ్గర దొరికిందని నిరూపించగానే అతనికి తెలిసే ఉంటుందని కోర్టు అనుకుంటుంది. తెలీదని ముద్దాయే నిరూపించుకోవాలి. అది విచారణలో, సాక్షుల మధ్య తేలే సంగతి. ఈ లోగా కుర్రాడు జైల్లోనే ఉంటాడు. కాబట్టి లాయరు మనసు నిజం మీద కాకుండా బరువు మీద ఉంటుంది.

ఈ తేడాను సీన్‌గా మారిస్తే వృత్తి దానంతట అదే కనిపిస్తుంది. మొదట ఎలా రాయకూడదో చూడండి:

“అమ్మా, మీ అబ్బాయి మీద ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 20(బి)(ii)(సి) కింద కేసు పెట్టారు. ఇది కమర్షియల్ క్వాంటిటీ కాబట్టి సెక్షన్ 37లోని జంట షరతులు వర్తిస్తాయి. సెక్షన్ 35 ప్రకారం కల్పబుల్ మెంటల్ స్టేట్ ఉందని ప్రిజంప్షన్ ఉంటుంది” అన్నాడు సూర్యనారాయణ.

ఇందులో చట్టపరంగా తప్పు ఒక్కటీ లేదు. కానీ ఏ లాయరూ కొడుకు జైల్లో ఉన్న తల్లితో ఇలా మాట్లాడడు. రచయిత తాను చదివింది పాఠకుడికి అప్పజెబుతున్నాడు. అదే సీన్ ఇలా రాస్తే:

పైడితల్లమ్మ మజ్జిగౌరమ్మ గుడి నుంచి నేరుగా వచ్చింది. కుంకుమ పొట్లం బల్ల మీద పెట్టింది.

“మావోడికేటీ తెలీదు బాబూ. ఆ ముక్క సెప్పండి సాలు.”

సూర్యనారాయణ కాగితాల మీంచి తలెత్తలేదు. “బస్తాలు ఎలాంటివమ్మా? గోనెవా, ప్లాస్టిక్‌వా?”

“నాకేటి తెలుసు బాబూ. నాను సూసానా.”

“దండాసీ, రేషన్ బియ్యం వచ్చే గోనె సంచులు రెండు పట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్లు. ఖాళీవి. తూచి రాసుకురా.”

ఆమె అతని వైపు, గుమాస్తా వైపు మార్చి మార్చి చూసింది. “నాను పిల్లోడి గురించి సెప్తంటే, సంచుల గొడవేటి బాబూ?”

“తెలీదన్న మాట తర్వాత చెబుదాం. ఇప్పుడు ఈ బరువు ఇరవై కిందికి రాకపోతే, నేను చెప్పినా వినేవాడు ఉండడు.”

ఇందులో చట్టపు పదం ఒక్కటీ లేదు. కానీ మొదటి దాని కన్నా ఇందులోనే లాయరు ఎక్కువగా ఉన్నాడు. పాఠకుడికి ‘ఇరవై కిందికి ఎందుకు రావాలి?’ అన్న ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుట్టాక జవాబుగా ఒక్క వాక్యం చట్టం చెబితే ఎంతో ఇష్టంగా చదువుతాడు. వివరణ ఎప్పుడూ ప్రశ్న తర్వాతే రావాలి. ముందు వస్తే పాఠం, తర్వాత వస్తే కథ.

ఒక జాగ్రత్త. కొట్లో తూచిన సంచులు కోర్టులో సాక్ష్యం కావు. ఆ కేసులో పట్టుబడిన సంచులు వేరు. సూర్యనారాయణ అది తన నమ్మకం కోసం చేయించాడు, అంతే. ఇక్కడ కొత్త రచయితలు ఆ చీటీని జడ్జి ముందు పెట్టిస్తారు. దాని బదులు, పట్టుబడిన సరుకును మేజిస్ట్రేటు ముందు జాబితా రాసి శాంపిల్ తీసే పని చట్టంలోనే ఉంది. అప్పుడు బరువు మళ్లీ కాగితం మీదికి ఎక్కుతుంది. మన లాయరు ఆ కాగితం నకలు కోసం తిరగాలి. కథకు రెండో అంకం అక్కడ దొరుకుతుంది.

ఒక పూట కోర్టులో కూర్చోండి

విచారణ బహిరంగంగా జరగాలన్నది మన చట్టం. లైంగిక నేరాల వంటి కొన్ని కేసులు తప్ప మిగతావాటికి ఎవరైనా వెనక బెంచీలో కూర్చోవచ్చు. ఫోన్ ఆపేసి కూర్చోండి, రికార్డు చేయొద్దు. ఫలానా కేసు ఎన్నిసార్లు వాయిదా పడిందో, ఏ తేదీన ఏం ఆర్డరు వచ్చిందో `services.ecourts.gov.in` లో డబ్బు కట్టకుండా చూడొచ్చు. జిల్లా, కోర్టు ఎంచుకుని కేసు నంబరుతో గానీ కక్షిదారు పేరుతో గానీ వెతకాలి. ఆర్డర్లు నాలుగైదు వరసగా చదివితే కోర్టు ఎంత నెమ్మదిగా నడుస్తుందో ఒంటికి పడుతుంది. కథ కోసం చదువుతున్నారు కాబట్టి వాటిలోని మనుషుల పేర్లు, ఊళ్లు మాత్రం కథలోకి తేవద్దు.

కోర్టులో కూర్చున్నప్పుడు వాదనల కన్నా ముఖ్యంగా చూడాల్సినవి వేరే ఉన్నాయి. పిలుపు వచ్చే లోపు లాయరు ఎక్కడ నిలబడతాడు, ఫైలు ఎవరి చేతిలో ఉంటుంది, తన కేసు ఎప్పుడొస్తుందో బెంచ్ క్లర్కును ఎలా అడుగుతాడు. రెండు కోర్టుల్లో ఒకేసారి పిలుపొస్తే గుమాస్తాను ఎటు పంపుతాడు. ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌తో, అంటే పీపీతో, బయట ఎలా మాట్లాడతాడు, లోపల ఎలా మాట్లాడతాడు. ఆ ఇద్దరూ పదేళ్లుగా ఒకే బార్ గదిలో టీ తాగే మనుషులు. కోర్టులో కొట్టుకున్నట్టు కనిపించి వరండాలోకి రాగానే పిల్లల కాలేజీ సీట్ల గురించి మాట్లాడుకుంటారు. తల్లి అది చూస్తే ఆమె గుండె ఏమవుతుందో ఆలోచించండి. అమ్ముడుపోయాడనుకుంటుంది. ఒక్క పదం చట్టం లేకుండా ఇది గొప్ప సీన్.

సరిహద్దులో రాసేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. మనం చదివే తెలుగు కథలు, చూసే సినిమాలు ఆంధ్రా, తెలంగాణ కోర్టుల లోనివి. పేర్లు అక్కడివే అలవాటైపోతాయి. ఒడిశాలో పోలీస్ స్టేషన్ పెద్దను ఐఐసీ అంటారు, మన కథల్లో మాత్రం సీఐ అని రాస్తాం. సబ్ డివిజన్ కోర్టులో ఉండే మేజిస్ట్రేటును ఎస్‌డీజేఎం అంటారు. పట్టుకున్న సరుకుకు రాసే కాగితాన్ని సీజర్ లిస్ట్ అంటారు, ఆంధ్రాలోలాగా మధ్యవర్తుల నివేదిక అనరు. హైకోర్టు కటక్‌లో ఉంటుంది. కింది కోర్టులో బెయిల్ రాకపోతే పైడితల్లమ్మ వెళ్లాల్సింది అక్కడికి, అమరావతికి కాదు. ఒక్క పేరు తప్పితే రాయగడ పాఠకుడికి మొత్తం కథ మీదే అనుమానం వస్తుంది.

సినిమా అలవాట్లు కూడా ఇక్కడే వదిలేయాలి. మన కోర్టుల్లో సుత్తి ఉండదు. భగవద్గీత మీద చెయ్యి పెట్టించడం ఉండదు, 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు మీద గానీ మనస్సాక్షి మీద గానీ నోటితోనే ప్రమాణం చేస్తారు. జ్యూరీ లేదు. జిల్లా కోర్టులో నల్ల కోటు మీద గౌను తప్పనిసరి కాదు. జడ్జిని “సర్” అనడం మామూలే.

మాటలను మూడు కుప్పలుగా పోయండి

కాగితం మీద కేసుకు సంబంధించిన మాటలన్నీ రాసి మూడు భాగాలు చేయండి.

మొదటి భాగంలో అందరికీ తెలిసినవి: వాయిదా, బెయిల్, ముద్దాయి, ఛార్జిషీట్, సాక్షి, సంతకం. వీటికి వివరణ అక్కర్లేదు. వీటి బదులు గ్రాంథికంగా ‘అభియోగ పత్రం’ లాంటివి రాస్తే పాత్ర కృత్రిమంగా మారుతుంది. గుణుపురంలో ఎవరూ అలా అనరు.

రెండో భాగంలో సన్నివేశం చూస్తే అర్థమయ్యేవి. ‘సాక్షి హోస్టైల్ అయ్యాడు’ అన్న మాటకు వివరణ ఇవ్వకండి. ఛాయ్ కొట్టు నడిపేవాడు బోనులో నిలబడి, “పోలీసులు సంతకం పెట్టమంటే పెట్టాను, బస్తాలు నేను చూడలేదు” అన్నాడు. పీపీ విసుగ్గా “హోస్టైల్ సర్” అన్నాడు. పాఠకుడికి మాట, అర్థం రెండూ ఒకేసారి దొరికాయి. ఇలాంటివి కథ మొత్తంలో మూడు నాలుగు చాలు.

మూడో భాగంలో మిగతావన్నీ. సెక్షన్ నంబర్లు, తీర్పుల పేర్లు, ఇంగ్లిష్ పొడి అక్షరాలు. వీటిని తీసేయొచ్చు. తీయకుండా వాడుకునే చోటు ఒక్కటే ఉంది, దాని గురించి ఇప్పుడు చెబుతాను.

భాషల మధ్య నిలబడ్డ తల్లిని వాడుకోండి

రాయగడ కోర్టులో మాట ఒడియాలో, ఇంగ్లిష్‌లో నడుస్తుంది. తెలుగు కక్షిదారుకు సగం అర్థమవుతుంది, సగం అవ్వదు. రచయితకు దీనికన్నా మంచి అవకాశం దొరకదు. వేరే చోట రాసేవాళ్లు లాయరు చేత ఎవరికో ఒకరికి వివరించడానికి ఒక సాకు వెతుక్కోవాలి, జూనియర్‌ను పెట్టుకుంటారు, పత్రికా విలేఖరిని తెస్తారు. మనకు ఆ అవసరమే లేదు. కేసు పిలిచి ముగిశాక ఏం జరిగిందో తెలుగులో చెప్పమని పైడితల్లమ్మ ఎలాగూ అడుగుతుంది. చెప్పాల్సినవాడు దండాసి. అతనికి టైం లేదు, ఇంకో కోర్టుకు పరుగెత్తాలి. కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాడు. ఆ రెండు ముక్కలే మీ వివరణ.

అందుకే బెయిల్ సీన్‌లో ఒక్కసారి, ఒక్కచోట మూడో కుప్ప లోని మాటలను వదలండి. పైడితల్లమ్మ వెనక నిలబడి వింటోంది:

పీపీ లేచాడు. ఒడియాలో మొదలుపెట్టి ఇంగ్లిష్‌లోకి వెళ్లాడు. కమర్షియల్ అన్నాడు, థర్టీసెవెన్ అన్నాడు, మళ్లీ థర్టీసెవెన్ అన్నాడు. సూర్యనారాయణ గొంతు పెంచలేదు. సీజర్ లిస్ట్ ఎత్తి చూపించాడు. జడ్జి కళ్లద్దాలు సవరించుకుని ఏదో అడిగాడు. పీపీ వెనక్కి తిరిగి కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ తల అడ్డంగా ఊపాడు. అంతే, ఇంకో కేసు పిలిచారు.

వరండాలో దండాసి చెయ్యి పట్టుకుంది. “ఒగ్గేసినట్టేనా బాబూ?”

“లేదమ్మా. సంచులు విడిగా తూచారా అని జడ్జిగారు అడిగారు. వాళ్ల దగ్గర జవాబు లేదు. కేసు డైరీ తెమ్మని వాయిదా ఇచ్చారు.”

“అంటే మంచిదేనా?”

“చెడ్డది కాదు” అంటూ మెట్లు దిగిపోయాడు.

ఇక్కడ పాఠకుడు తల్లి పక్కన నిలబడ్డాడు. థర్టీసెవెన్ ఏమిటో అతనికి తెలియకపోయినా నష్టం లేదు, తెలియకపోవడమే ఆ సీన్‌లో ఉన్న టెన్షన్. కానీ కానిస్టేబుల్ తల అడ్డంగా ఊపడం అతను పట్టుకుంటాడు, ఎందుకంటే సంచుల కథ ముందే తెలుసు. ఈ పద్ధతిని కథలో ఒకసారే వాడండి. రెండోసారి వాడితే పాఠకుడు దూరంగా జరుగుతాడు.

జడ్జి అప్పటికప్పుడు బెయిల్ ఇవ్వకపోవడం కూడా గమనించండి. బరువు సంగతి విచారణలో తేలాల్సిందని జడ్జి పిటిషన్ కొట్టేసినా ఆశ్చర్యం లేదు, అలా చాలా సార్లు జరుగుతుంది. బరువు 20 లోపని ఒప్పుకున్నా బెయిల్ దానంతట అది రాదు. కఠినమైన ఆ అడ్డు మాత్రం తొలగుతుంది, తర్వాత మామూలు కేసులా చూస్తారు. లాయరు ఎప్పుడూ ‘గెలిచాం’ అనడు. “చెడ్డది కాదు” అంటాడు. ఆ జాగ్రత్త మాటలోనే అనుభవం వినిపిస్తుంది.

భాష మారినప్పుడల్లా ఒడియా వాక్యాలు తెలుగు లిపిలో రాసి పక్కన అర్థం ఇవ్వాల్సిన పని లేదు. సంభాషణ తెలుగులోనే రాసి, ‘ఒడియాలో అడిగాడు’ అని ఒక్కసారి చెబితే సరిపోతుంది. లాయరు ఎవరితో ఏ భాషకు మారతాడో చూపిస్తే అతని బతుకు తెలుస్తుంది. జడ్జితో ఇంగ్లిష్, బెంచ్ క్లర్కుతో ఒడియా, తల్లితో తెలుగు, ఇంట్లో భార్యతో మళ్లీ ఏదో ఒకటి.

క్రాస్ ఎగ్జామినేషన్ సీన్‌ను తగ్గించి రాయండి

కథలో అందరూ ఎదురుచూసే సీన్ ఇది, ఎక్కువగా చెడిపోయేదీ ఇదే. నిజమైన కోర్టులో క్రాస్ ఎలా సాగుతుందో తెలిస్తే రాయడం తేలిక. ప్రశ్నలు పొట్టిగా ఉంటాయి. జవాబు అవును, కాదు అని వచ్చేలా అడుగుతారు. చాలా కోర్టుల్లో జవాబును జడ్జి తన మాటల్లో వాక్యంగా మార్చి స్టెనోకు చెబుతారు. చివరికి కాగితం మీద ఉండేది ఆ వాక్యమే. సాక్షికి చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. కాబట్టి అనుభవం ఉన్న లాయరు సాక్షి ముఖం చూడడు, స్టెనో వేళ్లు చూస్తాడు. తనకు కావలసిన వాక్యం టైప్ అయ్యిందా అన్నదే అతని గోల.

సరుకు పట్టుకున్న ఎస్సై బోనులో ఉన్నాడు:

“గంజాయిని సంచుల్లోంచి తీసి తూచారా?”

“లేదు సర్. సంచితోనే తూచాం.”

“ఖాళీ సంచుల బరువు సీజర్ లిస్టులో ఉందా?”

ఎస్సై కాగితం తిప్పి చూశాడు. “లేదు.”

జడ్జి స్టెనో వైపు తిరిగి చెప్పాడు: గంజాయిని సంచుల నుంచి వేరు చేసి తూచలేదు. ఖాళీ సంచుల బరువు సీజర్ లిస్టులో రాయలేదు. కీబోర్డు ఆగేదాకా సూర్యనారాయణ ఆగాడు. తర్వాత జీపు ఆపిన టైం గురించి అడిగాడు.

సినిమా లాయరు ఇక్కడ ఆగడు. “అంటే సరుకు ఇరవై కిలోలు లేదన్నమాట! ఎందుకు దాచారు?” అని అరుస్తాడు. అలా అడిగితే ఎస్సైకి తప్పించుకునే దారి దొరుకుతుంది. “సంచులు చాలా పల్చటివి సర్, బరువే లేవు” అంటాడు, అదీ టైప్ అవుతుంది. కావలసింది రాగానే ఆగిపోవడం, మాట మార్చడం లాయరు నైపుణ్యం. పాఠకుడికి ‘అయ్యో, ఇంకా అడగడేం?’ అనిపించాలి. తర్వాత వాదనలప్పుడు ఆ రెండు వాక్యాలను బయటికి తీసినప్పుడు అతనికి తెలుస్తుంది.

క్రాస్ చివర్లో సూర్యనారాయణ తన వాదనను సాక్షి ముందు పెట్టాలి: “పట్టుకున్న సరుకు ఇరవై కిలోల కన్నా తక్కువ అంటాను.” ఎస్సై కాదంటాడు. కాగితం మీద ‘సరుకు 20 కిలోల కన్నా తక్కువ అనడం నిజం కాదు’ అని పడుతుంది. తెలియనివాళ్లకు లాయరు ఓడిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి అతను సాక్షి ఒప్పుకుంటాడని అడగలేదు, తన వాదన రికార్డులో ఉండాలని అడిగాడు. ఈ ‘అనడం నిజం కాదు’ అన్న వాక్యాలు సాక్ష్యం కాగితాల్లో వరసగా కనిపిస్తాయి. ఒకటి మీ కథలో పెట్టండి, కోర్టు తెలిసినవాళ్లకు వెంటనే నమ్మకం కుదురుతుంది.

డాక్టరు పాత్రకు ఇదే దారి

బరంపురం మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సర్జన్ మీద కథ రాస్తున్నా మెట్లు ఇవే. ముడి ఒక్కటి. ఉదాహరణకు పొట్ట ఆపరేషన్‌లో కుట్లు వేసే ముందు నర్సు గుడ్డ ముక్కలు లెక్కపెడుతుంది. లోపలికి వెళ్లినన్నీ బయటికి రావాలి. ఒకటి తక్కువైతే మూయకూడదు. రోగి బీపీ పడిపోతోంది, మత్తు డాక్టరు తొందర పెడుతున్నాడు, లెక్క మాత్రం ఒకటి తక్కువుంది. ఈ ఫలితం చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. రోగం పేరు లాటిన్‌లో ఉన్నా లేకపోయినా ఒకటే. బయట కూర్చున్న భర్త ‘ఎందుకింత ఆలస్యం?’ అని అడుగుతుంటాడు, లోపల సర్జన్ నేల మీద, చెత్త బకెట్‌లో వెతికిస్తుంటాడు. ఆందోళన రెండు వైపులా ఉంది, కానీ వేర్వేరు సంగతుల గురించి. లాయరు కథలో తల్లికీ లాయరుకూ మధ్య చూసిన తేడా ఇదే.

అచ్చుకు ముందు ఇద్దరికి చదివించండి

ఒకరు కోర్టు తెలిసినవారు, ఇంకొకరు బొత్తిగా తెలియనివారు. లాయరుకు ‘తప్పులు చెప్పండి’ అని ఇస్తే ఆయన ప్రతి వాక్యం పక్కన ఒక సెక్షన్ రాసి ఇస్తాడు, కథ మళ్లీ పాఠం అవుతుంది. అందుకే ప్రశ్నలు మీరే అడగండి. ఈ పరిస్థితిలో మీరైతే మొదట ఏ కాగితం కోసం చూస్తారు? ఇక్కడ మీరు ఆగుతారా, ఇంకో ప్రశ్న అడుగుతారా? ఈ తల్లితో మీరు ఈ మాట అంటారా? అసాధ్యమైనది ఏదైనా ఉందా? ఇంతవరకే. అసాధ్యం అన్నది మార్చండి. ‘మామూలుగా ఇలా జరగదు’ అన్నదాన్ని కథ కోరితే ఉంచుకోవచ్చు, కానీ కథలో ఎవరో ఒకరు ఆ విచిత్రాన్ని గుర్తించాలి. గుమాస్తా ఆశ్చర్యపోతే చాలు.

తెలియని పాఠకుడికి మాత్రం ఒక్క ప్రశ్నే వేయండి. బెయిల్ సీన్ అయ్యాక పుస్తకం మూయించి, “ఈ కుర్రాడు బయటికి రావాలంటే ఏం జరగాలి?” అని అడగండి. “సంచుల బరువు తేలాలి” అంటే చట్టం సరిపడా ఉంది. “సెక్షన్ ఏదో ఉందిగా” అంటే ఎక్కువైంది, మొదటి లాయరు సీన్‌కు వెళ్లి కోయండి. “ఏమో, లాయరు బాగా వాదించాలి” అంటే తక్కువైంది. అప్పుడు కోర్టు సీన్‌ను ముట్టుకోకండి. దండాసి కొట్లో సంచులు తూచే సీన్‌ను ఇంకో నాలుగు లైన్లు పెంచండి.